చీకటి ఫొటోకి చెప్పవలసిన జవాబు

విజయనగరంలో ఒక మిఠాయి దుకాణం నెత్తి మీద మా ఆఫీసు. పొద్దున్నే కింద నెయ్యి కాగగానే ఆ వాసన మెట్లెక్కి వచ్చి, నాకంటే ముందు నా కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఉద్యోగంలో చేరాక నా చొక్కా గుండీలూ కాజాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవడం మానేశాయి. తప్పు నాది కాదు, ఆ వాసనది. వాసన పీల్చితేనే ఒళ్ళొచ్చే మనిషి ప్రపంచం మొత్తం మీద నేనొక్కడినే అని మా ఆవిడ నలుగురికీ చెబుతుంది.

మా ఆఫీసు పని చెబుతాను. పైరుకి జబ్బు చేస్తే రైతులు ఆకునో కాయనో ఫొటో తీసి మా నంబరుకి పంపుతారు. కంప్యూటర్లో కూర్చున్న కృత్రిమ మేధ ఆ ఫొటో చూసి జవాబు తయారు చేస్తుంది. దాన్ని మేం ముద్దుగా యంత్రం అంటాం. అది రాసింది పైరు సంగతిలో సరిగ్గా ఉందో లేదో వ్యవసాయం చదివిన మేడమ్ చూస్తుంది. ఆవిడ సరేనన్నాక జవాబు నా బల్ల మీదికి వస్తుంది. యంత్రం రాసే తెలుగు మనుషులకి అర్థమయ్యే తెలుగుగా మార్చడం నా కొలువు. పత్రికల్లో హాస్యం రాసుకునేవాణ్ణి పిలిచి ఈ పని ఎందుకిచ్చారంటే, ఆ తెలుగు చదివి నవ్వకుండా ఉండగలిగినవాడు నేనొక్కడినే దొరికానట. అంతకుముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన నవ్వీ నవ్వీ హెర్నియా తెచ్చుకుని వెళ్ళిపోయాడని కింద మిఠాయి కొట్టువాడు చెప్పాడు. కొట్టువాడి మాట నేను నమ్మను గానీ, నలుగురికీ చెప్పడానికి బావుంటుంది.

పంపినవాళ్ళ పేరూ, ఫోను నంబరూ మాకు కనపడవు. అలాగే ఉండాలని మొదట్లోనే నిర్ణయించారు. ఒక మనిషి పంపిన ఫొటోలూ మాటలూ ఒక వరసలో కనపడతాయి, అంతే. వచ్చిన దారినే జవాబు వెనక్కి పంపగలం తప్ప, ఫోను చేసి "ఏమ్మా, బావున్నారా" అని అడగడానికి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీంతో పనుంది.

మా దగ్గరికి పైరు ఫొటోలు మాత్రమే వస్తాయనుకుంటే మీరు అమాయకులు. ఆ కుర్చీలో కూర్చుని నేను చూడని వింత లేదు. జేబు లోపలి నుంచి తీసిన ఫొటోలు చూశాను. లుంగీ మడత అంతరంగం చూశాను. బస్సు టాపు, ఆకాశం, ఆకాశంలో సగం చెవి చూశాను. ఎవరో ఒకాయన రోజూ తెల్లవారగానే ఓ బొటనవేలు పంపేవాడు. ఆ వేలి మీది గీతలు నాకు కంఠతా వచ్చేశాయి. రేపు ఆయన ఆస్తి కాగితం మీద వేలిముద్ర వేస్తే సాక్షి సంతకం నేను పెట్టగలను. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి మాత్రం చీకటి ఫొటోలు. గట్టి నలుపు. దేవుడు వెలుతురు చేయడానికి ముందు రోజు ఇలాగే ఉండి ఉంటుంది అనిపించే నలుపు.

ఈ చీకటి ఫొటో వచ్చినప్పుడు ఏమని జవాబివ్వాలి? మేడమ్‌కీ నాకూ మధ్య నెలల తరబడి సాగిన యుద్ధం ఇదే.

మొదట్లో యంత్రం ఏం చేసేదంటే, చీకటిలో కూడా జబ్బు చూసేది. ఒకసారి పూర్తి నల్లటి ఫొటో వచ్చింది. యంత్రం ఏమాత్రం తొణక్కుండా "మీ వంకాయ ఆకు మీద నల్ల బూజు తీవ్రంగా వ్యాపించినది" అని రాసి, మందు పేరు, మోతాదు కూడా చెప్పింది. మేడమ్ కుర్చీలోంచి లేచిపోయింది. ఆవిడది శ్రీకాకుళం జిల్లా. కోపం వచ్చినప్పుడు చదువుకున్న తెలుగంతా కిందికి జారిపోయి ఊరి తెలుగు పైకి తేలుతుంది.

"ఏటి సూసి సెప్పింది ఇది? వంకాయి ఎక్కడున్నాది? ఆకెక్కడున్నాది? కనిపించనిదానికి మందు రాసీడమేటి మాస్టారూ!"

"పాపం, ఊరికే ఉండలేకపోయిందమ్మా. మా మేనమామ కూడా అంతే, దారి తెలీకపోయినా అడిగినవాడికి దారి చెప్పకుండా పంపడు."

"మీ మేనమామ దారి తప్పిస్తే మనిసి ఊరు తిరిగొస్తాడు. ఇది మందు తప్పిస్తే పైరు తిరిగొస్తాదా?"

ఆ రోజుతో ఆ అలవాటు మాన్పించారు. దానికి బదులుగా కంప్యూటరు పనివాళ్ళు ఇంకో ఏర్పాటు చేశారు. ఫొటోలో ఏమీ లేదని యంత్రం తేల్చుకుంటే, మా ఇద్దరినీ అడక్కుండా ముందే రాసిపెట్టిన వాక్యం ఒకటి తనంతట తనే పంపేస్తుంది. ఆ వాక్యం ఇది: "చిత్రం చెల్లదు. నిబంధనల మేరకు సరియైన చిత్రం జతపరచవలెను."

చదవగానే నాకు పదో తరగతి హాల్ టికెట్ పోగొట్టుకున్నంత భయం వేసింది. పొరపాటున జేబులో ఫోను నొక్కుకున్న మనిషికి ఈ మాట వెళితే, ఏ కలెక్టరాఫీసు నుంచో నోటీసు వచ్చిందనుకుని పక్కింట్లో దాక్కోడూ?

దాన్ని మార్చమని మేడమ్ నాకు అప్పగించింది. నా కలానికి రెక్కలొచ్చాయి. "అయ్యా, తమరు పంపిన చిత్రంలో అమావాస్య అత్యంత స్పష్టంగా కనబడుతున్నది. పున్నమి నాడు మరొకటి పంపగలరు" అని రాశాను. రాసి నేనే నవ్వుకున్నాను. కింద మిఠాయి కొట్టువాడికి వినిపించాను, వాడు కాజా ఊరికే ఇచ్చాడు. మేడమ్ చదివింది. ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

"బావున్నాది మాస్టారూ. ఇది మీకొస్తే?"

"నవ్వుకుంటాను."

"మీరు ఆఫీసులో కూకొని నవ్వుకుంటారు. ఎండలో గట్టు మీద నిలబడి పైరు పోతన్నాదని ఏడుస్తున్నోడు నవ్వుతాడేటి? మనం ఆల మీద నవ్వితే ఆలు ఇంకోసారి ఫొటో తియ్యరు."

రెండో సారి నేను మర్యాద వైపు ఒరిగిపోయాను. కాగితం నిండా క్షమాపణలు, నమస్కారాలు, కెమెరా పని చేసే విధానం, వెలుతురు గురించి శాస్త్రం, ఫొటో తీసేటప్పుడు పాటించవలసిన పద్ధతులు. మేడమ్ దాన్ని వేలితో పైకి తోస్తూ తోస్తూ అలసిపోయి, "ఇది సదివీసరికి కోతలు అయిపోతాయి" అని పక్కన పెట్టింది. ఇలా మేం ఇద్దరం కొట్టుకుంటూ ఉండగా, ఆ పాత 'చెల్లదు' వాక్యం మాత్రం హాయిగా ఊళ్ళ మీదికి వెళుతూనే ఉంది. ఇంతలో దసరా వచ్చి వెళ్ళింది.

దసరా తరవాత చీకటి ఫొటోలు కుండపోతగా కురిశాయి. వానకి చెరువు గట్టు తెగినట్టు, తెర తెరవగానే నలుపు మీద నలుపు. నా కళ్ళకి ఏదో అయిందని రెండు సార్లు ముఖం కడుక్కొచ్చాను. మేడమ్ ముందు అనుమానం మా మీదే పెట్టింది, ఫొటోలు మా దగ్గర సరిగా తెరుచుకోవడం లేదేమో అని. వేరే కంప్యూటర్లో తెరిచి చూసింది, అవే చీకట్లు. మధ్యలో వచ్చిన మిరపకాయ ఫొటో మాత్రం మిరపకాయలాగే ఉంది. కాబట్టి చీకటి అవతలి నుంచే వస్తోంది.

ఆ గుంపులో ఒక ఆడమనిషి ఉంది. ఫొటో కంటే ముందు మాట పంపింది. మేడమ్ స్పీకరు పెట్టింది. కోటబొమ్మాళి వైపు యాస, భయం భయంగా, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు చిన్న గొంతు.

"బాబూ, మా వరి సేలో నడిమద్దెన గుండ్రంగా ఎండిపోతన్నాది. నిన్న సిన్న పళ్ళెమంత, ఇయాల సేటంత. దుబ్బు మొదట్లో ఏటో గోధుమరంగు పురుగులు ముసురుకున్నాయి. ఇంటాయన భువనేశ్వర్ పనికెల్లీసేరు, పొలం నానే సూసుకుంతన్నాను. ఫొటో ఎడతన్నాను, సూసి సెప్పండి బాబూ."

ఆ తరవాత ఫొటో. నలుపు. దాని కింద మా యంత్రం తొందరపడి పంపిన వాక్యం: చిత్రం చెల్లదు. మళ్ళీ ఆవిడ ఫొటో. నలుపు. చిత్రం చెల్లదు. ఇంకో ఫొటో, ఇంకో నలుపు, ఇంకో చెల్లదు. ఆ తరవాత ఏమీ లేదు.

మేడమ్ ముఖం చూసి నేను నోట్లో పెట్టుకోబోయిన కాజా దింపేశాను.

"సుడిదోమ మాస్టారూ" అంది. "మొదట్లో రసం పీల్చీసి, గుండ్రంగా సుడుల్లా ఎండగొట్టీస్తాది. వరి ఈనే టైము ఇది. ఇప్పుడు ఆపకపోతే సేను సేనంతా గడ్డి అయిపోతాది. ఆవిడ నోటితో అంత బాగా సెప్పింది, మన యంత్రం ఆ మాట వినిపించుకోకుండా ఫొటో ఒక్కటే సూసింది. ఆవిడ ఇంకోసారి మన గుమ్మం తొక్కుతాదా?"

ఫోను చేయడానికి లేదు. వచ్చిన దారిలో జవాబు పంపాలి, ఆవిడ దాన్ని తెరిచి వినాలి. మూడుసార్లు చెల్లదన్న నోటినుంచి నాలుగో మాట ఎవరు వింటారు? అందువల్ల ఈసారి వెళ్ళే జవాబు మొదటి మాటలోనే ఆవిడని నిలబెట్టాలి. నేను పెన్ను తీశాను. మేడమ్ ఆ నల్ల ఫొటోల వెలుతురు పెంచి పెంచి చూస్తోంది.

"ఇటు సూడండి. జేబులో తీసిన సీకటి ఇలగ ఉండదు. ఇది అంచుల్లో ఎర్రగా ఉన్నాది."

"వేలు అడ్డం పెట్టి ఉంటుంది."

"వేలైతే ఎండలో మొత్తం ఎర్రగా వెలుగుతాది. ఇది మట్టిలా మందంగా ఉన్నాది. ఏటో అంటుకున్నాది. ఏటన్నది తెలవడం నేదు."

ఆ ప్రశ్న బుర్రలో పెట్టుకుని నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. ఆ రోజు మా ఆవిడ చేసిన గుత్తివంకాయ కూర ఎలా ఉందంటే, వంకాయలు తమ జన్మ ధన్యమైందని కళ్ళు మూసుకుని నూనెలో పడుకున్నాయి. అలాంటి కూర తిని ఊరుకుంటే పుణ్యం రాదు, మా అక్కకి చూపించి కుళ్ళబెట్టాలి. ఫోను తీసి కూర గిన్నె మీద పెట్టి నొక్కాను. నలుపు. మళ్ళీ నొక్కాను. నలుపు. దీపం కిందికి జరిపి నొక్కాను. నలుపు, అంచుల్లో ఎరుపు.

ఫోను తిరగేశాను. వెనకాల మూడు కెమెరా కళ్ళ మీదా దిట్టంగా పసుపు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది ఉంది. ఆరి, పెంకు కట్టి, బొబ్బిలి కోట గోడంత గట్టిగా ఉంది.

"ఏమేవ్! ఇదేంటి?"

"దసరాకి ఆయుధపూజ సేసేను కదా. కత్తిపీటకి పెట్టేను, మిక్సీకి పెట్టేను, మీ స్కూటరుకి పెట్టేను. మీ ఆయుధం ఏటి? ఫోనే కదా. దానికి పెట్టొద్దేటి?"

"పెట్టు. కానీ కళ్ళ మీదే ఎందుకు పెట్టావు?"

"ముందు అద్దం మీద పెడితే మీరు వేలితో రాసీస్తారు. వెనక సూస్తే మూడు కళ్ళున్నాయి. మూడు కళ్ళున్నోడు సివుడు కాడేటి? దండం ఎట్టి బొట్టు ఎట్టీసేను."

నేను చేతిలో ముద్ద వదిలేశాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్ళలో అమ్మలూ, అప్పలూ, కోడళ్ళూ ఆ రోజు ఏం చేశారో నా కళ్ళ ముందు సినిమాలా తిరిగింది. నాగలికి బొట్టు, బండికి బొట్టు, కుట్టుమిషనుకి బొట్టు, కొత్త ఫోను మూడు కళ్ళకీ మూడు బొట్లు. అందుకే ఆ కుండపోత. మా అమ్మలక్కలందరూ భక్తితో మూసిన కళ్ళలోంచి మా యంత్రం వంకాయ వెతుకుతోంది!

అప్పటికప్పుడు గిన్నె పక్కనే కూర్చుని జవాబు రాశాను. 'అమ్మా, మీ ఫోను కెమెరా మీద బొట్టు ఉంది. ఆ బొట్టు తుడిచేసి మళ్ళీ ఫొటో పంపండి.' చిన్నది, సూటిది, అమావాస్య లేదు, క్షమాపణలు లేవు. మేడమ్ మెచ్చుకుంటుందని ఛాతీ విరిచి, ఆ రైతమ్మ సంగతి చెప్పి మా ఆవిడకి చదివి వినిపించాను.

మా ఆవిడ చేతిలో గరిటె గిన్నెలో పడింది. కూర నా చొక్కా మీదికి ఎగిరింది.

"ఓలమ్మ! ఆడకూతురికి బొట్టు తుడిచీమని రాస్తారేటండీ! మొగుడు ఊళ్ళో నేడని ఆవిడే సెప్పిందన్నారు కదా! బుద్ధున్నోడు ఎవుడైనా అలగ రాస్తాడా? ఆ మాట సదివితే ఆవిడ గుండె జారిపోదేటి!"

నిజమే. అక్షరాలన్నీ సరైనవే. నా అంచనా సరైనదే, నా తెలుగు సరైనదే. ఆ రెండూ కలిపి భువనేశ్వర్‌లో పనిచేస్తున్న మనిషిని ఒక్క వాక్యంలో చంపేశాయి.

"మరి ఎలా చెప్పమంటావు?"

"జరపమనండి. బొట్టు ఎక్కడుండాలో అక్కడుండనీండి, కొంచెం పక్కకి జరిపెట్టుకుంటే దోసమేటీ నేదు. ఇదిగో, నాను మీది జరిపీస్తన్నాను." కొంగు చివర తడిపి కెమెరా కళ్ళు శుభ్రం చేసి, వాటి కింద తాజాగా ఒక్క బొట్టు పెట్టి ఫోను నా చేతికిచ్చింది. "ఇప్పుడు తియ్యండి మీ కూర."

తీశాను. వంకాయలు కళ్ళు తెరిచాయి.

కూర మరకతోనే ఆఫీసుకి పరిగెత్తాను. పరుగంటే నా పరుగు, మధ్యలో మూడు చోట్ల ఆగి గోడలు పట్టుకున్నాను. మేడమ్‌కి ఇంట్లో జరిగిందంతా చెప్పాను. నా ఫోనులో ఇందాకటి నల్ల ఫొటోని ఆ రైతమ్మ ఫొటోల పక్కన పెట్టి చూశాం. అంచుల్లో అదే ఎరుపు. మేడమ్ నవ్వింది గానీ వెంటనే ముఖం సర్దుకుంది.

"మీ ఇంటావిడ మాట బంగారం. అయినా ఒకటి సూడండి. ఇది బొట్టే అని మనకి రుజువేటి? మట్టి అయి ఉండొచ్చు, కవరు మడత అయి ఉండొచ్చు. కనిపించనిదాన్ని కనిపించిందని యంత్రం సెప్తే తిట్టేం. ఇప్పుడు మనం సెప్పకూడదు."

దాంతో నాలుగు సంగతుల దగ్గర ఒప్పందం కుదిరింది. ఫొటో అందిందని చెప్పాలి, అందులో ఏమీ కనపడలేదని ఉన్నదున్నట్టు చెప్పాలి. తప్పు ఆవిడది కాదని తెలియాలి, ఎందుకంటే నిజంగా కాదు కూడా. పొరపాటున వచ్చిన ఫొటో అయితే దాని గురించి ఎవరూ ఆరా తీయరనే ధైర్యం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫొటో రాకపోతే సాయం లేదన్నట్టు ఉండకూడదు. నోటితో చెప్పిన జబ్బుకి నోటితోనే సలహా వెళ్ళాలి.

ఆవిడ నోటితో చెప్పింది కాబట్టి మేమూ నోటితోనే పంపుదామన్నాం. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "అమ్మా!" అన్నాను. నా గొంతుకి కింద జిలేబీలు వేసేవాడు కూడా పైకి చూశాడట.

"మాస్టారూ, ఇది బుర్రకథ కాదు" అని మేడమ్ మైకు లాక్కుంది. ఆవిడ తన ఊరి మాటలో, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"అమ్మా, నీ ఫొటోలు మాకు అందేయి. అయి మొత్తం సీకటిగా ఉన్నాయి, అందులో పైరు మాకు కనిపించడం నేదు. ఇది సానామందికి అవుతాది. ఇందాక చెల్లదని ఎల్లిన మాట మా కంప్యూటరు తొందరపడి పంపీసింది, తప్పు నీది కాదు. పొరపాటున ఎల్లిన ఫొటో అయితే వదిలీ. పైరు సూపిద్దామంటే మట్టుకు, ఫోను ఎనకాల గుండ్రటి గాజుకి వేలు గాని, కవరు గాని, పండగ పసుపు గాని అడ్డమొచ్చిందేమో సూసుకో. ఉంటే కొంచెం పక్కకి జరిపి తియ్యి. ఫొటో కుదరకపోయినా ఫరవానేదు. నువ్వు సెప్పిన గురుతులు సూస్తే సుడిదోమలా ఉన్నాది. దుబ్బు ఇడదీసి నీళ్ళ మట్టం దగ్గర సూడు, పురుగులు గుంపుగా ఉంటే ఇయాలే సేలో నీళ్ళు తీసీ. దుబ్బులు పాయలు తీసి గాలి తగలనీ. యూరియా ఎయ్యకు. పై ఆకుల మీద మందు కొడితే లాభం నేదు, మొదటికి తగలాల. మందు ఏదో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగి తీసుకో, మమ్మల్ని అడిగినా సెప్తాం."

పంపింది. కంప్యూటరు పనివాళ్ళకి ఫోను చేసి 'చెల్లదు' వాక్యాన్ని అప్పటికప్పుడు పీకించేసింది. ఇకమీదట మాటతో పాటు వచ్చిన చీకటి ఫొటో ఏదైనా మనిషి చూడందే జవాబు వెళ్ళకూడదని గట్టిగా చెప్పింది.

ఆ సాయంత్రం జవాబు రాలేదు. మర్నాడు పొద్దున్నా రాలేదు. నేను రెండు కాజాలు తినకుండా వదిలేశాను. నన్నెరిగినవాళ్ళకి ఆ రోజు నా మనోవేదన ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. మేడమ్ తెర వైపు చూస్తూ, తెర మేడమ్ వైపు చూస్తూ కూర్చున్నారు. "ఇంకా ఎండిపోయుంటాది" అంది ఒకసారి. "ఇంకా ఈనుతూ ఉండొచ్చు" అన్నాను నేను.

మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. ఫొటో. వరి దుబ్బు మొదలు, బురద, ఆ బురద అంచున గోధుమరంగు చుక్కల్లా పురుగులు. మేడమ్ కుర్చీలోంచి ఎగిరి నిలబడింది. ఒక చీడ పురుగుని చూసి ఇంత ఆనందించిన మనిషిని నేను ఇంకొకరిని ఎరగను. దాని కింద మాట.

"అమ్మా, నువ్వు సెప్పినట్టే సేసేను. నీళ్ళు తీసీసేను, పాయలు తీయించేను. ఇయాల మందు కొట్టిస్తన్నాను. ముందు చెల్లదు చెల్లదు అంటే, నా ఫోనే పాడైపోనాదనుకున్నాను. మా తోటికోడలు పక్కనుండి 'నీకెందుకే ఈ పెద్ద ఫోను, పేడకళ్ళు ఎత్తుకో' అని ఒకటే నవ్వింది. సిగ్గేసి బియ్యం డబ్బాలో దాసీసేను. నీ మాట వచ్చినట్టు గంట మోగితే బియ్యంలోంచి తీసేను. మా యింటి పిల్ల పలికినట్టు ఉన్నాది. ఫోనుకి దసరాకి నానే ఎట్టేను, కళ్ళకే ఎట్టేను. ఇప్పుడు కిందికి జరిపెట్టేను."

ఇంకో ఫొటో కూడా ఉంది. గోడకున్న అద్దం ముందు నిలబడి తీసింది. అద్దంలో ఒక చెయ్యి, చేతిలో ఫోను వీపు, దాని మీద మూడు కళ్ళు, వాటి కింద చక్కగా, నిండుగా ఒక్క బొట్టు. ముఖం కనపడదు. కనపడకపోయినా ఆవిడ నవ్వుతోందని ఆ చెయ్యి పట్టుకున్న తీరే చెబుతోంది. మేడమ్ ఆ ఫొటోని చాలాసేపు మూయలేదు. నేను కింద కొట్టుకెళ్ళి వదిలేసిన కాజాలతో పాటు వడ్డీ కూడా తెచ్చుకున్నాను.

ఆ చేనులో చేటంత మేర ఎండినదే ఎండింది, ఆ పైన పాకలేదని తరవాత ఆవిడే చెప్పింది. మిగతా పైరు ఈని, బరువుకి వంగింది. ఆ వంగిన పైరు ఫొటో కూడా పంపింది. నా లెక్కలో ఆ గింజలు ఒక్కొక్కటి మామిడికాయంత ఉన్నాయి, మేడమ్ మాత్రం మామూలు గింజలేనంటుంది.

కోతల రోజుల్లో మళ్ళీ ఆవిడ దగ్గర నుంచి ఒక ఫొటో వచ్చింది. నలుపు. ఈసారి అంచుల్లో ఎరుపు లేదు, గుడ్డ నేత లాంటి సన్నటి గీతలున్నాయి. నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ నా వైపు చూసింది. ఆ గుడ్డ ఏ గుడ్డో, అది ఎక్కడిదో ఇద్దరం ఊహించాం గానీ, ఆరా తీయకూడదన్నది మా ఒప్పందం. నేనే జవాబు చెప్పాను, ఈసారి బుర్రకథ గొంతు లేకుండా.

"అమ్మా, ఫొటో అందింది. చీకటిగా ఉంది, ఏమీ కనపడలేదు. పొరపాటున వచ్చిందైతే వదిలేయండి. చూపించవలసింది ఏదైనా ఉంటే మళ్ళీ పంపండి."

వెంటనే నవ్వు వినిపించింది, మాట తరవాత వచ్చింది.

"ఏటీ నేదు బాబూ! ఫోను బొడ్డులో దోపుకొని వరి మోస్తన్నాను, దానంతట అదే నొక్కీసుకున్నాది. ఇదిగో మా తోటికోడలు, పక్కనే ఉన్నాది, దాని ఫోనుకీ మూడు కళ్ళున్నాయి. నిన్న దానిదీ నల్లగానే వచ్చింది. ఒసే, సిగ్గేటే, నువ్వూ సెప్పు బాబుకి!"

అవతల ఎవరో ఫోను లాక్కుంటున్న చప్పుడు, గాజుల చప్పుడు, ఇద్దరి నవ్వూ ఒకదాని మీద ఒకటి పడి వినిపించాయి.